చక్రవడ్డీని నిమిషంలో చెప్పాలంటే: కోటి రూపాయల సిప్పా, బ్యాంకు డిపాజిట్టా, తిరగరాసిన నోటా?

విశాఖపట్నంలో డబ్బు సంగతుల మీద నిమిషం వీడియోలు తీసే మిత్రుడొకరు చక్రవడ్డీ గురించి మూడు స్క్రిప్టులు రాసి, ఏది తీయమంటారని అడిగారు. మూడింటిలోనూ గుణకారం సరిగ్గానే ఉంది. తేడా అంతా వడ్డీ రేటు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది.

మొదటిది ఆర్కే బీచ్‌లో నడుస్తూ చెప్పేది. నెలకు 5,000 రూపాయల చొప్పున 30 ఏళ్లు మ్యూచువల్ ఫండ్ సిప్‌లో కడితే, ఏటా 12 శాతం లెక్కన సుమారు కోటి 76 లక్షలు. చేతి నుంచి పెట్టేది 18 లక్షలే. జనం తప్పకుండా ఆగి చూస్తారు. కానీ ఆ 12 శాతం ఇస్తామని ఎవరన్నారు? ఈక్విటీ ఫండ్‌లో వడ్డీ అనేదే ఉండదు. యూనిట్ విలువ ఒక ఏడు పెరుగుతుంది, ఒక ఏడు పడుతుంది. ఏటా ఒకే రేటు అన్నది కాలిక్యులేటర్ కోసం చేసుకున్న ఊహ. అదే కాలిక్యులేటర్‌లో 12 తీసి 9 వేస్తే మొత్తం సుమారు 92 లక్షలకు దిగుతుంది. పైగా ధరలు ఏటా 6 శాతం పెరుగుతూ పోతే, ఆనాటి కోటి 76 లక్షలకు ఈనాటి 31 లక్షల పాటి సరుకే వస్తుంది. ఇవన్నీ చెప్పడానికి నిమిషం చాలదు. చెప్పకపోతే మిగిలేది ఆశ మాత్రమే. చివర్లో చీమల బారులా హెచ్చరిక వేసినంత మాత్రాన అది వివరణ అయిపోదు.

రెండోది బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్. ఇక్కడ రేటు రసీదు మీదే అచ్చయి ఉంటుంది, గడువు దాకా మారదు. 7 శాతం అనుకుందాం. లక్ష రూపాయలు పదేళ్లకు వేసి, వడ్డీని మూడు నెలలకోసారి చేతికి తీసుకుంటే విడతకు 1,750, మొత్తం 70,000. ఆ వడ్డీని తీయకుండా అందులోనే కలవనిస్తే చివరికి చేతికొచ్చేది సుమారు 2,00,160. అంటే తేడా 30 వేల పైచిలుకు. ఇందులో చక్రవడ్డీ అంటే ఏమిటో, అది ఎప్పుడు పనిచేయదో రెండూ కనిపిస్తాయి. గాజువాక, ఉక్కునగరం వైపు రిటైరైనవారు చాలామంది ఇంటి ఖర్చుకు ఈ వడ్డీనే వాడుకుంటారు. వారికి చక్రవడ్డీ వర్తించదు. అందులో వారి తప్పేమీ లేదు, వారికి కావలసింది నెల గడవడం. ఈ మాట వీడియోలో తప్పక ఉండాలి.

‘లక్ష పెడితే రెండు లక్షలు’ అనే శీర్షిక మాత్రం వద్దన్నాను. వడ్డీ మీద పన్ను ఉంది. ఏటా వడ్డీలో 20 శాతం పన్నుకు పోతుందనుకుంటే ఆ మొత్తం సుమారు 1,74,000 దగ్గర ఆగుతుంది.

మూడో స్క్రిప్టులో పొదుపు ఊసే లేదు. పూర్ణా మార్కెట్‌లో ఒక చిరు వ్యాపారి ప్రామిసరీ నోటు రాసి, రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చుకున్నాడనుకోండి. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం, బారువడ్డీ. ఏమీ కట్టకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీ 72,000. నోటుకు కాలదోషం పట్టేది మూడేళ్లకే కాబట్టి అప్పిచ్చినవాడు ఈలోగా తిరగరాయమంటాడు. కొత్త నోటు 1,72,000కు. మరో మూడేళ్లకు బాకీ 2,95,840. తిరగరాయకుండా బారువడ్డీయే నడిచి ఉంటే 2,44,000తో ఆగేది. ఆ అదనపు 51,840 వడ్డీ మీద పడిన వడ్డీ.

నా ఓటు దీనికే. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ మన వీధుల్లో అందరికీ తెలిసిన లెక్క. వడ్డీ అసలులో కలిసే క్షణం కాగితం మీద కళ్లకు కడుతుంది. ఎవరికీ ఏ లాభమూ ఆశపెట్టనక్కర్లేదు. పైగా ఇంకో సౌలభ్యం ఉంది: మొదటి స్క్రిప్టులోని 12 శాతం అంటే రూపాయి వడ్డీ, డిపాజిట్‌లోని 7 శాతం అంటే 58 పైసల వడ్డీ. ముప్ఫై ఏళ్లపాటు ఎగవేత లేకుండా రూపాయి వడ్డీ వస్తుందంటే మార్కెట్‌లో ఏ వ్యాపారీ ఊరికే నమ్మడు.

దీనికీ ఒక చిక్కు ఉంది. కొందరు దీన్ని చూసి రెండు రూపాయల వడ్డీకి అప్పులిస్తే బాగుంటుందనుకోవచ్చు. అందుకే కథ అప్పు తీసుకున్నవాడి వైపు నుంచే నడవాలి, అసలుకే ఎసరు వచ్చే అప్పులుంటాయని ఒక్క వాక్యం పడాలి. చూసేవారిలో రిటైరైనవారే ఎక్కువని తెలిస్తే మాత్రం రెండోదే తీయండి; 2,00,160 కనిపించే తెరమీదే, అంతే పెద్ద అక్షరాలతో ‘7 శాతం, పదేళ్లు, వడ్డీ తీయకుండా, పన్నుకు ముందు’ అని వేయండి.