మాసి వీధి మూలన గది: నెల్లూరు నుంచి మదురై తేరుకి

నెల్లూరు రంగనాయకులపేటలో పెరిగినవాళ్ళకి రథం కొత్త కాదు. తల్పగిరి రంగనాథస్వామి బ్రహ్మోత్సవాల్లో రథం కదిలే రోజున మా బాబాయ్ చక్రాల కింద చెక్కలు వేసే జట్టులో ఉంటాడు. అందుకే మదురైలో మీనాక్షి గుడి తేరు లాగే చిత్తిరై పండక్కి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. చెన్నై సెంట్రల్లో దిగి, ఎగ్మోర్‌లో రైలు మారి, తెల్లారేసరికి మదురైలో ఉన్నాం.

గది విషయంలో మొదట పొరపాటు చేశాను. చవగ్గా ఉందని స్టేషన్ పక్కనే ఒక లాడ్జి తీసుకున్నాను. పక్కదుప్పట్లు మార్చలేదు, పండగ పేరు చెప్పి మాట్లాడుకున్న అద్దె కంటే ఎక్కువ అడిగారు. అది ఎలాగో సర్దుకోవచ్చు. తేరు రోజున అక్కణ్ణుంచి తెల్లవారుజామున జనంలో పడి తేరు తిరిగే మాసి వీధికి చేరడమే కష్టం, ఆటోలు లోపలికి రావు. రెండో రోజే పడమటి మాసి వీధి మూల మీద పై అంతస్తులో గది దొరికితే మారిపోయాం. అద్దె దాదాపు రెట్టింపు, లిఫ్టు లేదు, రాత్రంతా మైకుల హోరు. అయినా తేరు కోసం వెళ్ళేవాళ్ళకి నేను ఆ వీధే చెబుతాను.

ఎందుకో చెప్పాలంటే ఊరు ఎలా ఉందో చెప్పాలి. మీనాక్షి గుడి నడిమధ్యన ఉంటుంది. దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా చతురస్రంగా వీధులు: ప్రాకారం లోపల ఆడి, గోడ బయట చిత్తిరై, తర్వాత ఆవణి మూల, ఆపైన మాసి. ఇవన్నీ తమిళ నెలల పేర్లు. చిట్టచివర వెలి వీధులు. అక్కడ ఒకప్పుడు కోటగోడ, అగడ్త ఉండేవి. 1840ల్లో కలెక్టర్ బ్లాక్‌బర్న్ గోడ పడగొట్టించి కందకం పూడ్పించాడు.

ఇక్కడ నాకొక తిరకాసు కనిపించింది. పండగ జరిగేది చిత్తిరైలో, అంటే ఏప్రిల్-మే ప్రాంతంలో. తేరు తిరిగేది మాత్రం మాసి వీధుల్లో. ఒకప్పుడు మీనాక్షి కల్యాణం మాసి నెలలోనే, అంటే ఫిబ్రవరి-మార్చి ప్రాంతంలో జరిగేదట. 17వ శతాబ్దంలో తిరుమల నాయకుడు దాన్ని చిత్తిరైకి మార్చి, అళగర్ స్వామి అనే విష్ణువు వైగై నదిలో దిగే ఉత్సవంతో కలిపాడు. మాసిలో జనం కోతల్లో ఉంటారు, పెద్ద తేర్లు లాగడానికి చేతులు చాలవు, అందుకే మార్చాడని చెబుతారు. నెల మారింది కానీ వీధి మారలేదు, ఎందుకంటే అంత తేరు పట్టే వెడల్పు ఆ వీధులకే ఉంది. మన తెలుగు నాయకరాజు చేసిన ఆ సర్దుబాటు ఆ మూల మీద నిలబడితే కళ్ళకి కడుతుంది.

కల్యాణం మర్నాడు తేరు. పొద్దున్నే తూర్పు మాసి వీధిలో తేర్లు నిలిపి ఉంచే తేర్ముట్టి దగ్గర బయలుదేరి దక్షిణం, పడమర, ఉత్తరం చుట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. ముందు సుందరేశ్వరస్వామి తేరు, వెనక మీనాక్షి అమ్మవారిది. తిన్నటి వీధిలో చకచకా వచ్చేసిన తేరు మా కిటికీ కింద మూలకి రాగానే ఆగింది.

"ఇప్పుడు చూడబ్బయా, అసలు పని ఇదే," అన్నాడు బాబాయ్.

తేరుకి కారులా పక్కకి మళ్ళే చక్రాలు ఉండవు. లోపలి వైపు చక్రం కింద చెక్క మొద్దు వేసి దాన్ని ఆపుతారు. బయటి చక్రం మాత్రం ముందుకు కదులుతుంది, అప్పుడు తేరు కొంచెం పక్కకి తిరుగుతుంది. మొద్దు తీసి మళ్ళీ వేస్తారు. ఇలా ఎన్నో సార్లు. మొద్దు ఆలస్యంగా పడితే తేరు ఎదుటి ఇంటి అరుగు మీదికి పోతుంది. తాళ్ళు పట్టిన జనం అప్పటికే కొత్త వీధిలోకి ఏటవాలుగా మళ్ళి ఉంటారు, వాళ్ళు నిలబడేందుకు కూడా మూలలో చోటు కావాలి. వీధి వెడల్పు ఒక్కటే కాదు, మూల ఖాళీగా ఉండటం ముఖ్యమని బాబాయ్ పదే పదే అన్నాడు.

తేరు చూడాలంటే ముందు రాత్రే మంచినీళ్ళు, టిఫిన్ గదిలో పెట్టుకోండి. తేరు దాటేదాకా చుట్టుపక్కల కొట్లు మూసే ఉన్నాయి. కరెంటు లేక ఫ్యాన్ కూడా చాలాసేపు తిరగలేదు.

నెల్లూరు వచ్చిన మర్నాడు పొద్దున్నే బాబాయ్ మా వీధి మూలకి వెళ్ళి, గోడకీ గోడకీ మధ్య అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఒక కొట్టు మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉన్నచోట ఆగి, వచ్చే ఏడు ముందుగానే వాళ్ళతో మాట్లాడాలన్నాడు.