మామిడి రేటు, ఓటు: ఏ కొలత మేలు?

2025 జూన్‌లో మా మామ దామలచెరువు పక్కనున్న తోటలో తోతాపురి కాయ కోసి, ట్రాక్టరుకెత్తి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర రెండు రాత్రులు క్యూలో ఉన్నాడు. మూడో రోజుకి అడుగు కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారింది. "ఈసారి ఓటుకు రానీ, చెప్తా" అన్నాడు. ఎవరికి చెప్పాలి, దేన్ని చూసి చెప్పాలి అన్నదే నా ప్రశ్న.

జరిగిపోయిన ఆర్థిక పరిస్థితిని చూసి ప్రభుత్వానికి బహుమతో శిక్షో ఇవ్వడాన్ని రాజనీతి శాస్త్రంలో వెనుచూపు ఓటు అనుకోవచ్చు. ఇందులో జనం వాడే కొలతలు ముఖ్యంగా మూడు. చివరి ఏడాది ఎలా గడిచింది, ఐదేళ్లూ కలిపి ఎలా గడిచాయి, మనతో పోలిస్తే పక్కవాళ్లకు ఎలా గడిచింది.

మొదటి రెంటికీ ఎంత తేడా ఉంటుందో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక ప్రభుత్వంలో కిలో కాయ వరుసగా 20, 18, 17, 10, 6 రూపాయలు పలికింది. ఇంకో ప్రభుత్వంలో 6, 8, 9, 11, 14. ఏటా 5 టన్నులు అమ్మే రైతుకు మొదటి ఐదేళ్లలో 3 లక్షల 55 వేలు వస్తాయి, రెండో ఐదేళ్లలో 2 లక్షల 40 వేలు. అంటే మొదటి ప్రభుత్వంలో లక్షా 15 వేలు ఎక్కువ. అయినా ఎన్నికల్లో గెలిచేది రెండోదే అనుకుంటాను, ఎందుకంటే పోలింగ్ నాటికి 6 రూపాయల కాయ చేతిలో ఉంటే 20 రూపాయల కాయ ఎవరికి గుర్తుంటుంది?

ఇది మతిమరుపు ఒక్కటే కాదు. ఆండ్రూ హీలీ, గేబ్రియల్ లెంజ్ 2014లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా ఓటర్లు మొత్తం పదవీకాలాన్నే చూడాలనుకుంటారని, అది తేలిగ్గా తెలియక చివరి ఏడాదిని దాని బదులు పెట్టుకుంటారని చూపించారు. ఏడాదికెంత పెరిగిందో కాకుండా మొత్తం ఎంత పెరిగిందో ఒకే అంకెగా చూపిస్తే తీర్పు మారింది. అంటే మా మామ దగ్గర ఐదేళ్ల అమ్మకం పట్టీలు ఒక దారానికి గుచ్చి ఉంటే సగం పని అయినట్టే. (ఆయన దగ్గరున్నవి ఎరువుల కొట్టు బాకీ చీటీలు.)

సరే, ఐదేళ్ల లెక్క మేలు. కానీ 2025లో రేటు పడింది ఎవరివల్ల అన్నది అదీ చెప్పదు. ఆ ఏడాది కాపు విరగకాసింది, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు మిగిలిపోయింది, ఎగుమతులు మందగించాయి. వీటిలో అమరావతి చేతిలో ఉన్నదెంత? షాన్ కోల్, హీలీ, ఎరిక్ వెర్కర్ మన దేశంలోని ఎన్నికలనే పరిశీలించి 2012లో రాశారు: వాన సరిగా పడని చోట ఓటర్లు పాలక పార్టీని శిక్షిస్తారు, సాయం బాగా అందితే ఆ కోపం కొంత మాత్రమే తగ్గుతుంది. మబ్బు చేసిన తప్పుకు మంత్రికి శిక్ష అన్నమాట.

అందుకే నా ఓటు మూడో కొలతకు. పక్కనే కర్ణాటకలో శ్రీనివాసపురం ఉంది. అక్కడా తోతాపురే, అక్కడా ఆ ఏడాది ధర పడిపోయింది. ఇద్దరికీ పడిన మేరకు అది మార్కెట్ దెబ్బ, దాన్ని ఏ ఒక్క రాష్ట్రం ఖాతాలోనూ వేయకూడదు. దాని తర్వాత ఎవరేం చేశారన్నదే ఆ ప్రభుత్వం సొంత మార్కు. ఆ ఏడాది మన దగ్గర కిలోకు 12 రూపాయలని ప్రకటించారు, అందులో ఫ్యాక్టరీ 8 ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పారు. కాబట్టి మామ అడగాల్సింది "రేటెందుకు పడింది" అని కాదు. ఫ్యాక్టరీ నిజంగా 8 ఇచ్చిందా, 4 రూపాయలు ఖాతాలో ఎన్నాళ్లకు పడ్డాయి, ఫ్యాక్టరీ టోకెన్ దొరక్క ర్యాంపుల్లో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట్ల, అమ్ముకున్నవాడికి ఏం దక్కింది అని. వీటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది, ప్రపంచ మార్కెట్‌ను సాకు చెప్పడానికి వీల్లేదు.

ఈ కొలతలోనూ ఒక మెలిక ఉంది. పక్కవాడి పరిస్థితి మన నిర్ణయంతో చెడనంతవరకే అది పనిచేస్తుంది. ఆ జూన్‌లోనే కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఇక్కడి యంత్రాంగం ఆపింది. ఇక్కడి ఫ్యాక్టరీలకు అమ్మే అక్కడి రైతుకు దారి మూసుకుపోయింది, ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఇప్పుడు శ్రీనివాసపురం ధరతో పోల్చి మనం మేలు అనుకుంటే, ఆ మేలులో కొంత వాళ్ల ట్రాలీలు ఆపి తెచ్చుకున్నది. అందుకే పోల్చేటప్పుడు ఆపిన తేదీకి ముందు రేట్లనే తీసుకోమని మామకు చెప్పాను. "ఆ పట్టీలు ఎవరి దగ్గర ఉంటాయిరా" అన్నాడు.