ఆరేళ్ల చిల్లర్, మూడు కంప్రెసర్లు, ఒక వారంటీ లెటర్

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా బిల్డింగ్ మీద, ఏసీలకు నీళ్లు చల్లబరిచే 80 టన్నుల ఎయిర్ కూల్డ్ చిల్లర్ పెట్టించి ఆరేళ్లయింది. గ్యాసు విడివిడిగా తిరిగే సర్క్యూట్లు రెండు, ఒక్కోదానికి రెండు స్క్రోల్ కంప్రెసర్లు, ఆర్-410ఏ గ్యాస్. చల్లదనానికి వంక పెట్టలేను, రోహిణి కార్తెలో కూడా నీళ్లు 7 డిగ్రీలకే వచ్చేవి. నన్ను ఏడిపించింది రెండో సర్క్యూట్. రెండేళ్లలో అందులో మూడుసార్లు కంప్రెసర్ పోయింది.

మొదటిసారి ఉచితంగా మార్చారు. రెండోసారి "మీ కరెంటు బాగోలేదు" అని నా చేత డబ్బు కట్టించారు. కంప్రెసర్లకు ఐదేళ్ల వారంటీ ఉన్నా నోరు మెదపలేకపోయాను, చేతిలో రుజువు లేదు మరి.

ఆ తర్వాత ఒకరోజు మా ఆపరేటర్ నన్ను మేడ మీదకి పిలిచాడు. "అడుగున చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు. ఎండ మండిపోతుంటే కంప్రెసర్ అడుగుభాగం ఐసు ముక్కలా చల్లగా, నీళ్లు కారుతూ ఉంది. ఆయిల్ గ్లాసులో నురుగు. అంటే ఆవిరి మాత్రమే రావాల్సిన చోటికి ద్రవం వస్తోంది. అది ఆయిల్‌ను పలచన చేస్తుంది, బేరింగులు అరిగిపోతాయి.

అప్పటి నుంచి లాగ్‌బుక్‌లో ఇంకో గడి గీయించాను. రెండు గంటలకోసారి, గ్యాసు కంప్రెసర్‌లోకి వెళ్లే వైపు, అంటే సక్షన్ ప్రెషర్‌తో పాటు, సక్షన్ పైపుకి క్లాంప్ థర్మామీటర్ తగిలించి వేడి రాయాలి. 118 పీఎస్ఐ దగ్గర ఈ గ్యాస్ సుమారు 4.5 డిగ్రీలకు మరుగుతుంది. పైపు అంతకంటే ఐదారు డిగ్రీలు వెచ్చగా ఉండాలి. ఆ తేడానే సూపర్‌హీట్ అంటారు. మాకు పైపు 6 డిగ్రీలు చూపించేది, అంటే తేడా ఒకటిన్నరే, ద్రవం పూర్తిగా ఆవిరి కావట్లేదన్నమాట. చిల్లర్ స్క్రీన్ మీద మాత్రం అదే సమయంలో 6 డిగ్రీల సూపర్‌హీట్ కనపడేది!

నాలుగు నెలలకు మూడో కంప్రెసర్ పోయింది. ఈసారి ఫోన్లు చెయ్యలేదు, లెటర్ రాశాను. సీరియల్ నంబరు, కమిషనింగ్ తేదీ, మూడు ఫెయిల్యూర్ల తేదీలు, లాగ్ పేజీల జిరాక్సులు జతచేశాను. అందులో నేను అన్నిటికంటే నమ్మిన మాట ఇది: "రెండు సర్క్యూట్లకూ వచ్చేది ఒకటే కరెంటు, ఒకటే నీళ్లు. వోల్టేజే కారణమైతే మొదటి సర్క్యూట్‌లో ఒక్క కంప్రెసరైనా పోలేదెందుకు? కంప్రెసర్ మార్చడమే కాదు, కారణం కనిపెట్టి రాతపూర్వకంగా చెప్పండి."

పది రోజుల్లో సీనియర్ ఇంజనీరు వచ్చాడు. సక్షన్ పైపు మీది సెన్సార్ క్లిప్పు వదులై, పైన చుట్టిన ఇన్సులేషన్ ఊడిపోయి ఉంది. అది పైపు వేడితో పాటు బయటి ఎండనీ కొలుస్తోంది. దాంతో పైపు వెచ్చగా ఉందనుకుని, ద్రవాన్ని లోపలికి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అవసరానికి మించి తెరుచుకునేది. సెన్సార్ కొత్తది బిగించి, మూడో కంప్రెసర్ ఉచితంగా ఇచ్చారు, రెండోదానికి కట్టిన డబ్బు వాపసు చేశారు. గ్యాసు, క్రేన్ ఖర్చు నాదే అన్నారు, అది నాకు అన్యాయంగానే అనిపించింది.

ఏడాదిన్నరగా రెండో సర్క్యూట్ సూపర్‌హీట్ 5 నుంచి 7 మధ్యే ఉంది. మెషీన్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, సర్వీసుకి రెండే. ఆ గడి ఇప్పటికీ రాయిస్తున్నాను.