పందొమ్మిది పటాలు, ఒక్క పట్టీ: ఆరేళ్ళ వాడకం తర్వాత

మా హాలు గోడ పొడవు 12 అడుగులు. దాని మీద తాతయ్య, నాయనమ్మల ఫోటోల నుంచి పిల్లల డ్రాయింగుల దాకా పందొమ్మిది పటాలున్నాయి. గతంలో ఒక్కో పటానికీ ఒక మేకు. పటం చోటు మారిస్తే పాత రంధ్రం అలాగే మిగిలేది. ఆరేళ్ళ కిందట రంగులు వేయించేటప్పుడు పెయింటరు పుట్టీతో పూడుస్తూ లెక్కపెడితే ముప్పై ఒకటి తేలాయి. అప్పుడు కొన్నదే ఈ వేలాడదీసే పట్టీ.

గోడ పైభాగాన అడ్డంగా సన్నటి అల్యూమినియం పట్టీ బిగిస్తారు. దాని గాడిలో తీగలు ఎక్కించి కిందికి వదులుతారు. ఒక్కో తీగ మీద పైకీ కిందికీ జరిగే కొక్కేలుంటాయి, వాటికి పటాలు తగిలిస్తాం. తీగను గాడిలో పక్కకు జరుపుకుంటే సరిపోతుంది, మళ్ళీ డ్రిల్లు అక్కర్లేదు. ఆ మాట నిజమే. ఈ ఆరేళ్ళలో పటాలు ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చామో లెక్కలేదు, గోడకు కొత్త రంధ్రం మాత్రం పడలేదు. అంటే, పట్టీనే ఒకసారి ఊడదీసి బిగించింది మినహాయిస్తే.

అది నా తప్పే. సీలింగుకి అడుగు కింద బిగిస్తే అందంగా ఉంటుందని పట్టుబట్టాను. మా గోడలు తేలికపాటి సిమెంటు బ్లాకులవి, ఇటుకవి కావు. డ్రిల్లు కుర్రాడు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులే వేశాడు. ఎనిమిది నెలలకు సోఫా వెనక తెల్లటి పొడి రాలడం మొదలైంది. తలెత్తి చూస్తే పట్టీ పై అంచుకీ గోడకీ మధ్య సన్నటి నీడ కనిపించింది. స్క్రూ తిప్పితే ప్లగ్గూ దాంతో పాటే తిరుగుతోంది. పటాలన్నీ దింపి, పట్టీని సీలింగుకి ఆనించి, కాంక్రీటు బీము మీద మళ్ళీ బిగించాం. మొత్తం పది స్క్రూలు, దాదాపు అడుగుంపావుకి ఒకటి. ఆ తర్వాత ఇంతవరకూ కదల్లేదు. బ్లాకు గోడలోనే బిగించక తప్పకపోతే వాటి కోసమే చేసిన పొడుగు ప్లగ్గులు వాడాలి.

బరువు విషయంలో డబ్బా మీద మీటరుకి 20 కిలోలని రాసుంది. చాలా ఎక్కువే అనుకున్నాను. కానీ మూడు మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి ఏడున్నర కిలోలు తూగుతుంది. రెండడుగులకు మూడడుగుల పటంలో ఒక్క అద్దమే నాలుగు కిలోల పైమాట. తాతయ్య పటం టేకు చట్రంతో కలిపి ఏడు కిలోలు తేలింది. పైనా కిందా కలిపి అలాంటివి మూడు ఒకే మీటరులో పడితే ఆ మీటరు కోటా దాటిపోయినట్టే. అందుకే పెద్దవాటిని దూరదూరంగా పెట్టి, మధ్యలో పిల్లల బొమ్మలు సర్దాను.

తీగల్లో రెండు రకాలు తెచ్చాను. నైలాన్‌ది గోడ రంగులో కలిసిపోతుంది, కానీ బరువుకి సాగుతుంది. తాతయ్య పటం మొదటి వారంలోనే కాస్త కిందికి దిగింది. అమ్మ చూసి, "ఏరా, మీ తాత ఓ పక్కకి వాలిపోతున్నాడు" అంది. స్టీలు తీగ సాగదు, అయితే కాస్త కనిపిస్తుంది. ఇప్పుడు మూడు కిలోలు దాటితే స్టీలే వాడుతున్నాను. కొక్కెం కూడా స్క్రూతో బిగించే రకమే, నొక్కితే జారే రకం కాదు.

అసలు చిరాకు ఫ్యానుతో వచ్చింది. మన ఫ్రేము షాపుల్లో పటం వెనక మధ్యలో ఒకే రింగు కొడతారు. ఒకే తీగకు తగిలిస్తే ఫ్యాను వేయగానే పటం అటూ ఇటూ తిరుగుతుంది, అంచు గోడకు టకటకా కొట్టుకుంటుంది. పైగా పై అంచు ముందుకి వాలుతుంది. మా నాయనమ్మ వాళ్ళింట్లో గుమ్మాల పైన పటాలు కావాలనే అలా వాల్చి పెట్టేవారు, కింద నిలబడి చూడటానికి బాగుండేది. కంటి ఎత్తులో మాత్రం అద్దం మీద ట్యూబులైటు మెరిసి బొమ్మే కనపడదు. అందుకని ఆ రింగు తీసేసి, పై అంచుకి రెండు మూడు అంగుళాల కింద చెరోవైపు ఒక రింగు కొట్టించి, రెండు తీగలకు తగిలించాను. పై అంచు గోడకు ఎంత దూరంలో ఉందో చూసుకుని, అంతే మందం రబ్బరు బిళ్ళలు కింది మూలల వెనక అంటించాను. వాలూ పోయింది, చప్పుడూ పోయింది. ఈ బిళ్ళలు సెట్టులో రాలేదు, హార్డ్‌వేర్ షాపులో విడిగా కొన్నాను.

ఒకే తీగ మీద పైనొకటి, కిందొకటి పెట్టొచ్చు. రెండింటి బరువూ ఆ తీగదే. పైది మార్చాలంటే కిందిది కూడా కదులుతుంది కాబట్టి, తరచూ మార్చే పిల్లల బొమ్మల్ని కింద పెట్టుకున్నాం. కింద మిగిలిన తీగ కొసల్ని వెంటనే కత్తిరించకండి. నేను మొదటి నెలలోనే కత్తిరించాను. తర్వాత సోఫా మార్చి పటాలు దించాలనుకుంటే మూడు తీగలు పొట్టయ్యాయి.

పడకగదికి మాత్రం ఇది కొనలేదు. అక్కడున్నది ఒక్క పటం, దానికి ఒక్క మేకు చాలు.