షేర్ల మీద అప్పు చాలాకాలం వాడాక: స్టేట్‌మెంటులో లేని ఒక్క తేదీ గురించి

ఈ అప్పులో నాకు నచ్చినవి చాలా ఉన్నాయి గానీ, స్టేట్‌మెంటు ఇచ్చే తీరు మీద మాత్రం కోపం ఇంకా పోలేదు. మాది పలాస దగ్గర చిన్న జీడిపప్పు బట్టీ. పిక్కల సీజన్లో ఒక్కసారిగా డబ్బు కావాలి, పప్పు అమ్ముడయ్యే కొద్దీ తిరిగి వస్తుంది. అందుకని ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ దగ్గర షేర్లు తాకట్టుగా ప్లెడ్జ్ పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని, కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. వాడుకున్న మొత్తానికే వడ్డీ, డివిడెండ్ మన ఖాతాలోకే వస్తుంది, ఇలాంటివన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

నా కోపం అంతా ‘ప్లెడ్జ్ చేసిన షేర్లు’ అనే పేజీ మీద. అందులో కంపెనీ పేరు, ఎన్ని షేర్లు, ధర, విలువ ఉంటాయి. ఆ ధర ఏ రోజు ముగింపు ధరో మాత్రం ఎక్కడా రాయరు. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బంది లేదు. ఒక కంపెనీ బోనస్‌గా ఉచిత షేర్లు ఇచ్చినప్పుడు మాత్రం ఆ లోటు నన్ను రెండు రోజులు టెన్షన్ పెట్టింది.

అప్పుడు నేను ప్లెడ్జ్ పెట్టినవి మూడు కంపెనీల షేర్లు. మొదటిది 400 షేర్లు, ధర 1,200 రూపాయలు. రెండోది 300 షేర్లు, 700 చొప్పున. మూడోది 500 షేర్లు, 220 చొప్పున. మొత్తం విలువ 8 లక్షలు. ఇందులో సగమే అప్పుగా వాడుకోవచ్చు, అంటే డ్రాయింగ్ పవర్ 4 లక్షలు. మిగతా సగం మార్జిన్. నేను వాడుకున్నది వడ్డీతో కలిపి 3,10,000. ఇంకా 90 వేలు ఖాళీ ఉంది కాబట్టి నిశ్చింతగానే ఉన్నాను.

ఒక బుధవారం సాయంత్రం మెసేజ్ వచ్చింది: షార్ట్‌ఫాల్ 29,000, వెంటనే సరిచేయండి. మార్కెట్ ఆ రోజు పెద్దగా పడలేదు. మా బావమరిది పక్కనే ఉన్నాడు. “బావా, పిక్కల అడ్వాన్సుకి తెచ్చిన డబ్బులోంచి కట్టేద్దాం, లేకపోతే రేపు పొద్దున్నే షేర్లు అమ్మేస్తారు” అన్నాడు. ఆ డబ్బు ఇచ్చేస్తే మంచి పిక్కలు వేరేవాళ్లు ఎత్తుకుపోతారు. కట్టే ముందు ఆ 29,000 ఎలా వచ్చిందో చూడాలనుకున్నాను.

ముందు రోజు స్టేట్‌మెంటు, ఆ రోజుది పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చూస్తే విషయం తెలిసిపోయింది. రెండో కంపెనీ, మూడో కంపెనీ విలువ మారలేదు. మొదటి కంపెనీ ధర మాత్రం 1,200 నుంచి 605కి దిగింది, షేర్ల సంఖ్య 400 దగ్గరే ఉంది. మిగతావి కదలకుండా ఒక్కటే సగానికి దగ్గరగా పడిందంటే అది నష్టం కాకపోవచ్చు, బోనసో, ఒక షేరుని ముక్కలు చేసే స్ప్లిట్టో అయ్యుండొచ్చు. ఆ కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ప్రకటించింది, బోనస్ ఎవరెవరికి రావాలో తేల్చే రికార్డు తేదీ బుధవారమే. ఆ రోజు నుంచి ధర సగం అయిపోతుంది, కొత్త షేర్లు మాత్రం ఇంకా చేతికి రావు. సెబీ నియమం ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి ప్రకటించిన బోనస్‌లలో కొత్త షేర్లు రికార్డు తేదీ తర్వాత రెండో పనిదినానికి అమ్ముకునే వీలుండాలి. ఈ మధ్యలోని సందులోనే స్టేట్‌మెంటు కొత్త ధరని పాత సంఖ్యతో గుణించింది: 2,42,000, దానికి మిగతా రెండూ కలిపితే 5,62,000. అందులో సగం 2,81,000. నా బాకీ 3,10,000. తేడా సరిగ్గా 29,000.

కాబట్టి వాళ్ల కూడికలో తప్పు లేదు. నాకు కోపం తెప్పించింది ఏమిటంటే, ఆ పేజీలో ధర తేదీ, పక్కన ‘బోనస్ రావాల్సి ఉంది’ అనే ముక్క ఉంటే ఇదంతా ఒక్క చూపులో తెలిసేది. ఫోన్ చేస్తే రిలేషన్‌షిప్ మేనేజర్ “సార్, సిస్టమ్‌లో షార్ట్‌ఫాల్ చూపిస్తోంది, రేపటికల్లా కట్టేయండి” అన్నాడు తప్ప, ఎందుకొచ్చిందో చెప్పలేదు. షేర్ల ధర పడి బాకీ వాటి విలువలో 50 శాతం దాటితే సరిచేసుకోవడానికి 7 పనిదినాలు అని రిజర్వు బ్యాంకు 2014లో పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలకి పెట్టిన నియమం. అది గుర్తు చేస్తూ, బోనస్ వివరం జతచేసి మెయిల్ పెట్టాను. ఫోన్ మాటకి రుజువు ఉండదు కదా. మీ అగ్రిమెంటులో అమ్మే హక్కు గురించి ఏం రాశారో మాత్రం విడిగా చదువుకోవాలి.

శుక్రవారం మన షేర్లు ఎలక్ట్రానిక్‌గా ఉండే డిపాజిటరీ సైట్లో చూస్తే ఆ కంపెనీ షేర్లు రెండు గడుల్లో కనబడ్డాయి: ప్లెడ్జ్ బ్యాలెన్స్ 400, ఫ్రీ బ్యాలెన్స్ 400. అంటే బోనస్ షేర్లు వచ్చాయి గానీ ప్లెడ్జ్‌లో లేవు, అప్పిచ్చినవాళ్ల లెక్కలోకి వాటంతట అవి రావు. ఇది అసలు పట్టుకోవాల్సిన చోటు. స్టేట్‌మెంటులోని సంఖ్యని డిపాజిటరీలోని ప్లెడ్జ్ గడితో పోల్చాలి, మొత్తం హోల్డింగ్‌తో కాదు. పేరు చూసి కాదు, ఒక్కో కంపెనీ షేరుకీ విడిగా ఉండే ఐఎస్ఐఎన్ అనే గుర్తింపు నంబరు చూసి. స్ప్లిట్ అయితే ఆ నంబరే మారిపోతుంది, పాత నంబరుతో వెతికితే దొరకదు.

ఇక ఎన్ని ప్లెడ్జ్ చేయాలి? డబ్బు కడితే 29,000 చాలు. షేర్లు ఇస్తే సగమే లెక్కలోకి వస్తుంది కాబట్టి 58,000 విలువ ఇవ్వాలి, 605 చొప్పున 96 షేర్లు. చాలామంది 29,000 విలువ షేర్లు ఇచ్చి, మర్నాడు మళ్లీ మెసేజ్ వస్తే ఆశ్చర్యపోతారు. 96తో ఆపేస్తే కూడా ధర రూపాయి తగ్గినా మళ్లీ మొదటికే. నేను 200 పెట్టాను. మొత్తం విలువ 6,83,000 అయింది, డ్రాయింగ్ పవర్ 3,41,500, ఖాళీ 31,500. షేర్లన్నీ కలిపి సుమారు 9 శాతం పడేదాకా షార్ట్‌ఫాల్ మెసేజ్ రాదు. మిగతా 200 ఫ్రీగా ఉంచుకున్నాను, ఎందుకంటే ప్లెడ్జ్ ఓటీపీ కొడితే అయిపోతుంది, విడిపించుకోవడం వాళ్ల తీరికని బట్టి ఉంటుంది. సోమవారానికి షార్ట్‌ఫాల్ సున్నా చూపించింది. పిక్కల డబ్బు పిక్కలకే వెళ్లింది.

మొదట్లో తెలిసినవాళ్లకి ఈ అప్పు గురించి చెప్పినప్పుడు ‘నెలనెలా కిస్తీ లేదు’ అని గట్టిగా చెప్పేవాణ్ణి. అది నిజమే, కానీ వడ్డీ నెలాఖరుకి బాకీలోనే కలుస్తుంది. 10.5 శాతం చొప్పున 3,10,000కి 30 రోజుల వడ్డీ 2,675 రూపాయలు. కట్టకుండా వదిలేస్తే నెలనెలా ఖాళీ అంత తగ్గుతుంది, ధర కదలకపోయినా సరే. అలాగే మెసేజ్ అదే రోజు వస్తుందని మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటాను, కాకపోతే అందులో అంకె తప్ప కారణం ఉండదు.

నాకైతే ఈ అప్పు పనికొస్తోంది. బాకీ నాలుగైదు నెలల్లో తీరిపోతుంది, ఫ్రీగా ఇంకొన్ని షేర్లు పక్కన ఉంటాయి. ఉన్న షేర్లన్నీ ఒకటి రెండు కంపెనీలవే అయి, డ్రాయింగ్ పవర్ అంచుదాకా వాడేసి, ఏళ్లతరబడి తీర్చని వాళ్లకి నేను ఇదే చెప్పలేను. ధర తేదీ వేయమని రెన్యువల్ ఫారంతో పాటు రాతపూర్వకంగా అడిగాను. ‘పరిశీలిస్తాం’ అని జవాబు వచ్చింది. నెల మొదటి వారం వచ్చిన స్టేట్‌మెంటులో ఆ కాలమ్ ఇంకా లేదు.