రానివారి లెక్క: చిన్న క్లినిక్‌లో వారంవారం వచ్చే నో-షో రిపోర్టుతో నా అనుభవం

మా క్లినిక్ సాఫ్ట్‌వేర్ ప్రతి సోమవారం ఉదయం పంపే నో-షో రిపోర్టు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే అయినా అది చిన్నది కాదు. ఏ రోజుకారోజు అపాయింట్‌మెంట్లలో `Arrived` అని ఎవరూ నొక్కకుండా మిగిలిన ప్రతిదాన్నీ అది అర్ధరాత్రి పన్నెండు గంటలకు తనంతట తానే `No-show` కింద వేసేస్తుంది. రోగి వచ్చి, డాక్టరు గారికి చూపించుకుని, మందులు కూడా కొనుక్కుని వెళ్లినా సరే, ఆ బటన్ నొక్కకపోతే రిపోర్టు దృష్టిలో ఆయన రానట్టే. వాడకం మొదలుపెట్టిన చాలాకాలానికి గానీ ఈ సంగతి మాకు తెలియలేదు. తెలిసిన తరువాత ఆ మొదటి పేజీలోని పెద్ద ఎర్ర అంకెను మునుపటిలా చూడలేకపోతున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఒక ఎముకల డాక్టరు గారు, ఒక జనరల్ ఫిజీషియన్, వెనుక గదిలో ఫిజియోథెరపీ, రిసెప్షన్‌లో ఇద్దరు. పొద్దున్నే వచ్చి టోకెన్ తీసుకునేవారు కొందరైతే, ముందే ఫోన్ చేసి సమయం తీసుకునేవారు మరికొందరు. రిపోర్టు ఈ రెండో రకం వారిని మాత్రమే లెక్కిస్తుంది. ముందే రద్దు చేసుకున్నవారిని మొత్తంలోంచి తీసివేసి, మిగిలినవారిలో రానివారు ఎంత శాతమో చెబుతుంది. డాక్టరు వారీగా, వారం రోజుల వారీగా విడగొడుతుంది. కింద పన్నెండు వారాల గ్రాఫు ఒకటి గీస్తుంది. అంకె మీద నొక్కితే దాని వెనుక ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు, అపాయింట్‌మెంటు సమయాలు జాబితాగా తెరుచుకుంటాయి. నాకు మొదటినుంచీ నచ్చింది ఈ జాబితాయే. చివరకు అసలు విషయం బయటపడింది కూడా దానివల్లే.

సంక్రాంతి సందడి ముగిసి రద్దీ మామూలుకు వచ్చాక ఒక సోమవారం రిపోర్టు 25 శాతం చూపించింది. ఆ వారం 184 అపాయింట్‌మెంట్లు ఇచ్చాము, 24 ముందుగానే రద్దయ్యాయి, మిగిలిన 160లో 40 మంది రాలేదని దాని లెక్క. పండగ వారమైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, మామూలు వారంలో నలుగురిలో ఒకరు రావడం లేదంటే ఎముకల డాక్టరు గారికి సహజంగానే కోపం వచ్చింది. ప్రతి నాలుగో సమయానికి ఇద్దరిని రాసుకుందామని ఆయన అన్నారు. పెద్ద ఆస్పత్రుల్లోనూ ఇలా చేస్తారు కనుక ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ మా వరండాలో పదిహేను కుర్చీలకు మించి పట్టవు, అప్పటికే పదకొండు గంటల వేళ జనం మెట్ల మీద నిలబడుతున్నారు. నలుగురిలో ఒకరు నిజంగా రాకపోతే ఆ మెట్ల మీద నిలబడ్డది ఎవరన్న అనుమానంతో ఆ 40 పేర్ల జాబితాను ఎక్సెల్‌లోకి దించాను.

అదే వారం నేరుగా వచ్చి టోకెన్ తీసుకున్నవారి జాబితాను రెండో షీటులోకి దించి, ఫోన్ నంబరు, తేదీ రెండూ కలుస్తున్నాయేమో చూడడమే నేను చేసిన పని. చెప్పినంత తేలికగా అది జరగలేదు. ఒక జాబితాలో నంబరుకు ముందు +91 ఉంది, రెండోదానిలో లేదు. కొన్నింటిలో మధ్యలో ఖాళీలున్నాయి. తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా అదే గడిలో ఉండడం వల్ల ఏ రెండూ కలవడం లేదు. అందువల్ల రెండు షీటుల్లోనూ D గడిలో నంబరు చివరి పది అంకెలను, E గడిలో సమయం తీసేసిన తేదీని విడిగా పెట్టుకుని, ఆ తరువాత వాటిని పోల్చాను. ఎవరికైనా పనికొస్తుందని ఆ మూడు సూత్రాలూ ఇక్కడ ఇస్తున్నాను. A తేదీ, B ఫోన్ నంబరు, రెండో షీటు పేరు WalkIn.

```
D2: =RIGHT(SUBSTITUTE(B2," ",""),10)
E2: =INT(A2)
F2: =COUNTIFS(WalkIn!D:D,D2,WalkIn!E:E,E2)
```

F గడిలో సున్నా కాక మరే అంకె వచ్చినా, ‘రాని’ ఆ మనిషి నంబరు మీద అదే రోజు మా దగ్గరే ఇంకో టోకెన్ ఉన్నట్టు. అలా 13 పేర్లు తేలాయి. ఇందులోనూ ఒక చిక్కుంది: మన ఇళ్లల్లో ఒకే ఫోన్ నంబరు మీద ఇంటిల్లిపాదీ నమోదై ఉంటారు. తల్లి మోకాలి నొప్పికి కొడుకు నంబరుతో సమయం తీసుకుని రాలేదు. అదే రోజు మనవరాలికి జ్వరమని అదే నంబరు మీద టోకెన్ తీసుకున్నారు. పేర్లు కూడా యంత్రంతో పోల్చుదామంటే ఒకచోట Lakshmi, ఇంకోచోట Laxmi. కనుక ఆ 13 పేర్లనూ కంటితోనే చూడవలసి వచ్చింది. ఇద్దరు నిజంగానే వేరే మనుషులని తేలింది, మిగిలిన 11 మంది వచ్చినవారే.

వచ్చినవారికి కొత్త టోకెన్ ఎందుకు ఇచ్చారని రిసెప్షన్‌లో అడిగితే జవాబు వెంటనే దొరికింది. "టైము దాటి అరగంటైతే ఆ అపాయింట్‌మెంటు మీద బటన్ పని చేయదండీ. బిల్లు కొట్టాలంటే కొత్త టోకెన్ ఇవ్వక తప్పదు" అని అక్కడి అమ్మాయి తెర మీద చూపించింది. నిజమే, అరగంట దాటగానే ఆ బటన్ బూడిదరంగులోకి మారిపోతుంది. అంటే సాఫ్ట్‌వేరే ఆలస్యంగా వచ్చినవారిని అపాయింట్‌మెంటు మీద లోపలికి రానివ్వదు, రాత్రికి అదే వారిని రానివారిగా రాసుకుంటుంది. ఆమె బల్ల మీద ఇంకో నోటుపుస్తకం కూడా ఉంది. ఆ వారం పొద్దున్నే ఫోన్ చేసి ‘ఈరోజు రాలేము’ అని చెప్పిన ఐదుగురి పేర్లు అందులో ఉన్నాయి. డాక్టరు గారు పిలుస్తున్నా, బిల్లుల దగ్గర రద్దీ ఉన్నా అవి పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కవు.

ఈ ఐదుగురిని ఏ లెక్కలో వేయాలన్నది నిజంగా ఆలోచించవలసిన విషయం. వారిని రద్దు కింద మార్చేస్తే మొత్తంలోంచి కూడా పోతారు, శాతం మరీ అందంగా కనిపిస్తుంది; కానీ పది గంటల అపాయింట్‌మెంటుకు తొమ్మిదిన్నరకు ఫోన్ వస్తే ఆ సమయం ఇంకొకరికి ఇవ్వడం మా వల్ల కాదు. అందుకే వారిని రానివారిలోంచి తీసి ‘ఆఖరి నిమిషపు రద్దు’ అని విడిగా రాసుకుని, మొత్తంలో మాత్రం ఉంచాను. అప్పుడు 160 మందిలో చెప్పాపెట్టకుండా రానివారు 24 మంది, అంటే 15 శాతం. సోమవారం నాటి ఎర్ర అంకెకూ దీనికీ పది శాతం తేడా.

ఆ 11 మంది ఎవరన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. వారిలో తొమ్మిది మంది ఎముకల డాక్టరు గారికి మళ్లీ చూపించుకోవడానికి వచ్చేవారు, అందరివీ పది నుంచి పదకొండు మధ్య సమయాలే. డాక్టరు గారు పొద్దున మరోచోట ఆపరేషన్లు చూసుకుని వస్తారు కనుక పది గంటల అపాయింట్‌మెంటు అంటే పదకొండు దాటుతుందని పాత రోగులందరికీ తెలుసు. తెలిసినవారు తెలిసినట్టే పదకొండుకు వస్తున్నారు. మా ఆలస్యాన్ని రిపోర్టు వారి గైర్హాజరుగా చూపిస్తోందన్నమాట. ఈ మాట డాక్టరు గారికి ఎలా చెప్పాలో అని కాస్త తటపటాయించి, పేర్లు లేకుండా సమయాల పట్టిక మాత్రం ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, తన మొదటి అపాయింట్‌మెంటును పదకొండుకు మార్చమన్నారు. ఇద్దరిని రాసుకునే ఆలోచన అక్కడితో ఆగింది.

సాఫ్ట్‌వేర్ వారికి ఫోన్ చేస్తే అర్ధరాత్రి మార్పును పూర్తిగా ఆపడం కుదరదన్నారు, కానీ బటన్ పనిచేసే గడువును అరగంట నుంచి మూడు గంటలకు పెంచారు. ఇప్పుడు టోకెన్ ఇచ్చే ముందు ఫోన్ నంబరుతో వెతికి, అపాయింట్‌మెంటు ఉంటే దాని మీదే లోపలికి పంపుతున్నారు. సాయంత్రం బిల్లులు మూసేముందు మిగిలిపోయిన పేర్లను ఒకసారి చూస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. శాతం 15, 17 మధ్యకు దిగింది.

పన్నెండు వారాల గ్రాఫును మొదట్లో నేను బాగా మెచ్చుకునేవాడిని, మిత్రుల క్లినిక్‌లలో కూడా చూపించాను. ఇప్పుడు ఆ మెప్పును కొంత వెనక్కి తీసుకోవలసి వస్తోంది. మేము నమోదు పద్ధతి మార్చిన వారం దగ్గర ఆ గీత కొండ అంచు నుంచి జారినట్టు పడిపోయింది. ఆ తగ్గుదలలో ఎంత నమోదు వల్లనో, ఎంత సమయాలు మార్చినందువల్లనో గీత చెప్పదు, ‘ఇక్కడ పద్ధతి మారింది’ అని రాసుకోవడానికి అందులో చోటూ లేదు. రిమైండర్ మెసేజీలు పంపే సంస్థ ప్రతినిధి ఒకరు ఆ గ్రాఫు చూసి, తమ మెసేజీల వల్లనే రానివారు తగ్గారని సంబరపడ్డారు. మెసేజీలు అంతకు రెండు నెలల ముందు నుంచే వెళుతున్నాయి.

ఫిజియోథెరపీ వరుసనైతే వారంవారం చూడడమే మానేశాను. అక్కడ వారానికి పన్నెండు అపాయింట్‌మెంట్లుంటే ఒక్కరు రాకపోయినా ఎనిమిది శాతం పెరుగుతుంది, ముగ్గురు రాకపోతే గడి ఎర్రబడుతుంది. నాలుగు వారాల అంకెలను కలిపి చూస్తేనే దానికి అర్థముంటుంది. అదీ నాలుగు శాతాల సగటు తీసి కాదు, రానివారందరినీ ఒకచోట, అపాయింట్‌మెంట్లన్నిటినీ ఒకచోట కూడి భాగిస్తేనే.

ఇన్ని చెప్పినా ఈ ఏడాది కూడా చందా కట్టాము. జాబితా తెరుచుకునే సౌకర్యం లేకపోతే ఈ విషయం ఏదీ మాకు తెలిసేది కాదు, పైగా బిల్లులన్నీ ఇందులోనే ఉన్నాయి కనుక మారడం కూడా తేలిక కాదు. మీ దగ్గర అందరూ అపాయింట్‌మెంటు మీదే వస్తుంటే, వచ్చినవారినల్లా రిసెప్షన్‌లో తప్పకుండా నమోదు చేస్తుంటే, నేను పడ్డ ఇబ్బంది మీకు ఉండకపోవచ్చు. పూర్తిగా టోకెన్ల మీద నడిచే క్లినిక్ అయితే ఈ రిపోర్టుకు లెక్కించడానికే ఏమీ ఉండదు. మాలా రెండూ కలగలిసి ఉంటే మాత్రం, కొనేముందు అమ్మేవారి చేత ఒక పని చేయించండి: ఒక ఉత్తుత్తి అపాయింట్‌మెంటు పెట్టించి, సమయం దాటాక అదే పేరు మీద టోకెన్ ఇప్పించి, మర్నాడు రిపోర్టులో ఆ మనిషిని ఎక్కడ చూపిస్తోందో చూడండి.