ఆడిట్‌లో తప్పు దొరికింది, జవాబుగా ఏది మేలు: రీట్రైనింగా, ఎస్ఓపీ మార్పా, మెషిన్ మార్పా?

మా మందుల ఫ్యాక్టరీలో, మందుల్ని అట్టపెట్టెల్లో పెట్టే కార్టనింగ్ మెషిన్ కింద గార్డ్ విప్పమని అడిగాడు ఆడిటర్. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి నాలుగు బోల్టులు తీసేసరికి పది నిమిషాలు పట్టింది, ఆయన టార్చ్ వేసి చూస్తే లోపల మూలన ఒక మడత కార్టన్ కనిపించింది, అది 5 ఎంజీది. అప్పుడు లైన్ మీద నడుస్తోంది 10 ఎంజీ బ్యాచ్. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు పాతదేదీ మిగల్లేదని చూసేదే లైన్ క్లియరెన్స్, పొద్దున ఆ చెక్‌లిస్ట్ మీద ప్రొడక్షన్ సంతకం ఉంది, క్వాలిటీ చూసే క్యూఏ సంతకం ఉంది, "మెషిన్ కింద, చుట్టుపక్కల పాత మెటీరియల్ లేదు" అనే లైన్ ఎదురుగా రెండు టిక్కులూ ఉన్నాయి. నేను క్యూఏ తరఫున పక్కనే నిలబడి ఉన్నా, ఆ టార్చ్ వెలుగు ఇప్పటికీ గుర్తే.

సాయంత్రం మీటింగ్ రూమ్‌లో మా మధ్యనే పెద్ద గొడవ నడిచింది, దీనికి ఏం జవాబు రాయాలి అని. మూడు మాటలు వచ్చాయి. ఆపరేటర్ సరిగ్గా చూడలేదు, రీట్రైనింగ్ ఇచ్చాం అని రాద్దాం అన్నది ఒకటి. ఎస్ఓపీ, అంటే పని ఎలా చెయ్యాలో రాసిన పత్రం, మార్చి మూడో సంతకం పెడదాం అన్నది రెండోది. గార్డే మార్చాలి అన్నది మూడోది, అది చెప్పింది మెయింటెనెన్స్ అబ్బాయి, ముందు ఎవరూ పట్టించుకోలేదు కూడా.

ముందు రీట్రైనింగ్ సంగతి. అందరూ దీని మీదకే ఎందుకు పోతారంటే ఒక్క రోజులో అయిపోతుంది, ఖర్చు లేదు, సంతకాల షీట్ ఒకటి జత చేస్తే సాక్ష్యం రెడీ. కానీ ఆడిటర్ అడిగే తర్వాతి ప్రశ్న ఒక్కటే ఉంటుంది, "ఈయనకి ఈ ఎస్ఓపీ మీద ట్రైనింగ్ ఎప్పుడు అయింది?" మా ఆపరేటర్‌ది నాలుగు నెలల కింద అయింది, టెస్ట్‌లో పాస్ కూడా. అంటే ట్రైనింగ్ ఉంది, అయినా కార్టన్ మిగిలిపోయింది, మరి అదే ట్రైనింగ్ ఇంకోసారి ఇస్తే ఏం మారుతుంది? ఇక్కడ మన దగ్గర సమాధానం ఉండదు. మందుల తయారీకి యూరప్ పెట్టుకున్న జీఎంపీ గైడ్ మొదటి చాప్టర్‌లో ఈ మాట సూటిగానే ఉంది, మనిషి పొరపాటే కారణం అని రాయాలంటే ప్రాసెస్‌లోనో ప్రొసీజర్‌లోనో సిస్టంలోనో ఉన్న లోపాన్ని వదిలేయలేదని చూసుకుని, దాన్ని సమర్థించి మరీ రాయాలి. 'హ్యూమన్ ఎర్రర్' అని రాయకూడదని కాదు, రాస్తే నిరూపించే పని నెత్తిన పడుతుంది.

నేను వాడే చిన్న పరీక్ష ఒకటుంది. ఆ ప్లేస్‌లో మన దగ్గరున్న మంచి ఆపరేటర్‌ని నిలబెట్టినా ఇదే జరిగేదా? మేం నిజంగానే చేసి చూశాం, మర్నాడు షిఫ్ట్ మొదలయ్యే ముందు ఇంకో సీనియర్ ఆపరేటర్‌ని లైన్ క్లియరెన్స్ చెయ్యమని పక్కన నిలబడి చూశాం. గార్డ్ విప్పాలంటే స్పానర్ కావాలి, స్పానర్ మెయింటెనెన్స్ దగ్గర ఉంటుంది, క్లియరెన్స్‌కి ఇచ్చే టైం ఇరవై నిమిషాలు. ఆయన వంగి పైనుంచి చూసి టిక్ పెట్టాడు. కనిపించని చోటికి టిక్ పెట్టమని మన చెక్‌లిస్టే అడుగుతోంది, అసలు సంగతి అక్కడ బయటపడింది. అప్పటిదాకా రాసిన రూట్ కాజ్ అంతా చింపేశాం.

రీట్రైనింగ్ సరైన జవాబయ్యే కేసులు లేవా అంటే ఉన్నాయి. ఎస్ఓపీ కొత్త వెర్షన్ వచ్చాక ఒకాయనకి ట్రైనింగ్ పడకుండానే లైన్ ఎక్కించారనుకోండి, రికార్డులో ఆ ఖాళీ కనిపిస్తుంది, అప్పుడు ట్రైనింగ్ ఇవ్వడం న్యాయమే. అయినా అక్కడ కూడా ట్రైనింగ్ లేని మనిషి లైన్ మీదకి ఎలా వచ్చాడు అనేదే అసలు ప్రశ్న.

ఇక రెండోది, ఎస్ఓపీ మార్చి సంతకాలు పెంచడం. చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ మొదటిదానికి అన్నయ్య లాంటిదే. ఇద్దరు చూడలేనిది మూడో మనిషి ఎలా చూస్తాడు, గార్డ్ అలాగే ఉంది కదా? పైగా మనిషి పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ పక్కవాడు చూశాడులే అనుకుంటారు. అదే ఎస్ఓపీ మార్పు వేరేలా రాస్తే మాత్రం పనికొచ్చింది. మేం మెషిన్ ఆపి, కార్టన్ ఇరుక్కునే చోట్లు ఒక్కొక్కటీ వెతికి ఏడు గుర్తించాం, ప్రతిదానికి ఫోటో తీసి నంబర్ ఇచ్చి చెక్‌లిస్ట్‌లో "మెషిన్ కింద, చుట్టుపక్కల" అనే గుండుగుత్త లైన్ తీసేసి ఏడు లైన్లు పెట్టాం, స్పానర్ లైన్ దగ్గరే పెట్టించాం, క్లియరెన్స్ టైం ముప్పై అయిదు నిమిషాలు చేశాం. టైం పెంచకుండా చెక్‌లిస్ట్ పెంచితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే, టిక్కులు కూర్చుని పెడతారు.

మూడోది గార్డ్ మార్పు. పారదర్శకంగా ఉండే గార్డ్, చేత్తో తిప్పితే ఊడొచ్చే బిగింపు, కింద కార్టన్ జారి పడకుండా ట్రే. తప్పు జరిగే చోటే మూసేస్తుంది కాబట్టి గట్టి జవాబు ఇదే. దీని బలహీనత టైం. మార్పుకి రాతపూర్వకంగా అనుమతి తీసుకునే ఛేంజ్ కంట్రోల్ వెయ్యాలి, మెషిన్ తయారీదారుతో మాట్లాడాలి, బిగించాక మెషిన్ సరిగ్గా పనిచేస్తోందని చూపించే క్వాలిఫికేషన్‌లో మళ్లీ ఏ పరీక్షలు కావాలో తేల్చాలి, మాకు దాదాపు మూడు నెలలు అన్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో చూసిన లోపాలు రాసి ఫారం 483 ఇస్తే జవాబు 15 పని దినాల్లో చేరాలి, అప్పుడే వార్నింగ్ లెటర్ ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు మన జవాబుని లెక్కలోకి తీసుకుంటారు. ఆ 15 రోజుల్లో గార్డ్ రాదు, రానక్కర్లేదు కూడా, ఎప్పటికి వస్తుందో, అప్పటిదాకా ఏం చేస్తున్నామో చెప్తే చాలు.

అందుకని నా ఓటు మూడోదానికి, అది వచ్చేదాకా అడ్డుకట్టగా రెండోది, కొత్త చెక్‌లిస్ట్ ఎలా వాడాలో చెప్పడానికి మాత్రమే మొదటిది. మూడూ రాశాం గానీ దేన్ని కారణానికి మందుగా రాశాం, దేన్ని తాత్కాలికంగా రాశాం అనేది విడివిడిగా రాశాం. అన్నీ కలిపి ఒకే పేరాలో కుక్కితే చదివేవాడికి మీరు రీట్రైనింగే ఇచ్చినట్టు కనిపిస్తుంది, నాకు ఓసారి అలా అయింది.

ఇంతకీ ఆడిటర్ మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది గార్డ్ దగ్గర కాదు, "ఇలాంటి కార్టన్ ఒకటి ఇంకో బ్యాచ్‌లో కలిసి బయటికి వెళ్లలేదని ఎలా చెప్తారు?" అన్న దగ్గర. మా ప్రొడక్షన్ సార్ వెంటనే రికన్సిలియేషన్, అంటే తీసుకున్న కార్టన్లకీ వాడిన కార్టన్లకీ చూసే లెక్క, లిమిట్‌లోనే ఉంది అన్నారు. తప్పు జవాబు. 12,000 కార్టన్ల బ్యాచ్‌లో లిమిట్ 0.5 శాతం అంటే 60 కార్టన్లు అటూ ఇటూ అయినా లెక్క పాస్, అక్కడ ఒక్క కార్టన్ ఎలా కనిపిస్తుంది? ఆడిటర్ క్యాలిక్యులేటర్ కూడా తియ్యలేదు, నోటితోనే 60 అన్నాడు. అప్పుడు మేం చెప్పాల్సింది కోడ్ రీడర్ గురించి. ప్రతి కార్టన్ మీద కోడ్ చదివి వేరేది వస్తే తోసేస్తుంది, బ్యాచ్ మొదట్లో, చివర్లో, మెషిన్ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ కావాలనే తప్పు కార్టన్ పెట్టి అది తోసేసిందని రాస్తాం. ఆ రికార్డులు తెచ్చి చూపించాక గానీ ఆయన ముందుకి కదల్లేదు.

ఎన్ని బ్యాచ్‌లు వెనక్కి చూడాలి అన్నది కూడా ఇక్కడే తేల్చాలి. అమెరికా నిబంధన 21 సీఎఫ్ఆర్ 211.192 ప్రకారం విచారణ ఆ ఒక్క బ్యాచ్‌తో ఆగకూడదు, సంబంధం ఉండగల మిగతా బ్యాచ్‌లకీ వెళ్లాలి. మేం మొదట నిన్నటి 5 ఎంజీ బ్యాచ్ అని రాసుకున్నాం. కానీ దొరికిన కార్టన్ మీద బ్యాచ్ నంబర్ ఇంకా ప్రింట్ పడలేదు, కాబట్టి అది నిన్నటిదే అని చెప్పడానికి ఆధారం లేదు. ఆ గార్డ్ చివరిసారి విప్పి శుభ్రం చేసింది ఎప్పుడో మెయింటెనెన్స్ లాగ్‌బుక్‌లో చూస్తే అయిదు వారాల కింద, అప్పట్నుంచి 14 బ్యాచ్‌లు నడిచాయి. మన హద్దు అదీ. 14 బ్యాచ్‌ల రీడర్ రికార్డులు తీశాం, ఒకదాంట్లో మెషిన్ ఆగి మొదలైన తర్వాత చెయ్యాల్సిన పరీక్ష ఎంట్రీ లేదు. దాన్ని దాచకుండా వేరే డీవియేషన్‌గా, అంటే పద్ధతి తప్పిన ఘటనగా, తెరిచి ఆ బ్యాచ్ స్టాక్ హోల్డ్‌లో పెట్టి తిరిగి స్కాన్ చేశాం. జవాబులో మనమే చెప్పిన తప్పు ఒకటి ఉంటే మిగతా 13 బ్యాచ్‌ల మాట నమ్ముతారు, ఇది నా అనుభవం.

నోటితో చెప్పే జవాబుల్లో కూడా ఇదే తేడా. అక్కడికక్కడే ఊహించి చెప్పడమా, చూసి చెప్తానని టైం తీసుకోవడమా అంటే, రికార్డులో ఉన్న విషయమైతే ఎప్పుడూ రెండోదే మేలు. "నాకు కచ్చితంగా తెలీదు సార్, లాగ్‌బుక్ తెప్పిస్తా" అనడంలో నామోషీ ఏం లేదు, కాకపోతే తెప్పించాలి, మరిచిపోతే అదింకో ప్రశ్న అవుతుంది.

చివరగా, పని చేసిందని ఎలా చూపిస్తారు అన్నది. చాలామంది "మూడు నెలలు మళ్లీ రాకపోతే క్లోజ్" అని రాస్తారు. రెండేళ్లలో ఒకసారి దొరికిన తప్పు మూడు నెలలు దొరక్కపోతే ఏం తెలిసినట్టు? మేం రెండు పనులు పెట్టుకున్నాం. కొత్త గార్డ్ బిగించాక లైన్ మీద వరసగా 10 బ్యాచ్ మార్పులకి, క్లియరెన్స్ సంతకాలు అయ్యాక సంబంధం లేని క్యూఏ మనిషి వచ్చి ఆ ఏడు చోట్లూ మళ్లీ చూడాలి, ఒక్కటి దొరికినా కాపా, అంటే మేం రాసిన దిద్దుబాటు, ఫెయిల్. రెండోది, లైన్ ఖాళీగా ఉన్న రోజు రంగు వేసిన డమ్మీ కార్టన్లు అయిదు లెక్కపెట్టి దాచి ఆపరేటర్లని వెతకమనడం. డమ్మీలు అన్నీ తిరిగొచ్చాయని లెక్క చూసుకున్నాకే లైన్ అప్పగించాలి, లేకపోతే మనమే కొత్త తప్పు పెట్టినవాళ్లం అవుతాం. మొదటి రౌండ్‌లో అయిదింట్లో నాలుగే దొరికాయి, అయిదోది లీఫ్‌లెట్లు మడిచే ఫోల్డర్ వెనక ఉండిపోయింది, మేం రాసుకున్న ఏడు చోట్లలో అది లేనే లేదు. ఇప్పుడు ఎనిమిది.